మూడు గంటలకు ఎనిమిది గంటల బిల్లు

మా ఆయనకు అక్షరాల పిచ్చి. హోటలుకు తీసుకెళ్తే మెనూ కార్డులో ఏం తినాలో చూడరు, ధరలు ఏ అచ్చులో వేశారో చూస్తారు. ఒకసారి బస్టాపులో నిలబడి, వచ్చిన బస్సు నెత్తిన ఉన్న నంబరును ఎవరు రాశారో గానీ భలే రాశారని మెచ్చుకుంటూ ఉండగానే ఆ బస్సు కాస్తా వెళ్లిపోయింది. అది మేము ఎక్కాల్సిన బస్సు. ఆ రోజు దారిపొడుగునా నేను అన్న మాటలు ఇక్కడ రాయను.

ఆయన డిజైనర్. ఒక ప్రకటనల కంపెనీలో ఏళ్ల తరబడి పనిచేసి, ఇక ఎవరి కిందా చేయలేనని మానేసి, ఇంట్లోనే సొంతంగా పని పెట్టుకున్నారు. సొంతంగా అంటే పెద్దగా ఏమీ లేదు, బాల్కనీకి అద్దాలు బిగించి అందులో ఒక బల్ల, ఒక కంప్యూటరు. వానొస్తే కంప్యూటరు మీద దుప్పటి కప్పాలి. బిల్లులు మాత్రం నేను వేస్తాను. ఎందుకంటే ఆయన నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి, డబ్బు అడగాల్సి వస్తే నీళ్లు నములుతారు. ఆయనకు వదిలేస్తే మేము మెచ్చుకోళ్లు తిని బతకాలి.

మా పద్ధతి ఇది. డిజైన్‌కు ముందే ఒక మొత్తం మాట్లాడుకుంటాం. పార్టీ ఒప్పుకున్నాక మళ్లీ మార్పులు అడిగితే వాటికి గంటల లెక్క. ఏ రోజు మార్పుల పనికి ఆ రోజు ఒక అట్ట ఫోల్డరు, దాని మీద తేదీ, పట్టిన గంటలు ఆయన వేస్తారు. పని ముగిశాక ఆ ఫోల్డర్లు ముందేసుకుని నేను కూడి బిల్లు తయారుచేస్తాను.

ఆ ఏడాది మాకు దొరికిన పెద్ద పార్టీ ఒక మందుల షాపుల యజమానురాలు. ఊళ్లో నాలుగైదు షాపులున్నాయి ఆవిడకు. తనూ ఫార్మసీ చదువుకున్న మనిషే, ఇప్పటికీ పెద్ద షాపులో కౌంటరు దగ్గర నిలబడి మందులు ఇస్తుంది. సీసాల మీద మోతాదును కౌంటరు వాళ్లు పెన్నుతో గీకితే జనానికి అర్థం కావడం లేదని, చిన్న స్టిక్కర్ ప్రింటర్లు కొన్నది. ఆ స్టిక్కరు ఎలా ఉండాలో, దాని మీద అంకెలు ఎలా ఉండాలో గీసి ఇవ్వమని మా ఆయనను అడిగింది. ఇది బాగా కుదిరితే అన్ని షాపుల బోర్డుల పనీ మీకేనని కూడా అన్నది. ఆ బోర్డుల పని వస్తే ఏడాది అద్దెకు వెతుక్కోనక్కర్లేదు. నేను అప్పుడే మనసులో బాల్కనీకి కొత్త అద్దాలు వేయించేశాను.

పది అంకెలు గీయడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది. నవ్వకండి, నేను అప్పటికే నవ్వి తిట్లు తిన్నాను. రోగం వచ్చినవాళ్లు చూసే అంకెలు కాబట్టి మెత్తగా, గుండ్రంగా, భయపెట్టకుండా ఉండాలంటారు ఆయన. వాటన్నిటిలో 3 అంటే ఆయనకు ప్రాణం. రెండు చేతులూ లోపలికి మడుచుకుని ముద్దుగా కూర్చున్నట్టు ఉండేది. తెర మీద పెద్దదిగా పెట్టుకుని, టీ చల్లారిపోతున్నా దాన్నే చూస్తూ కూర్చునేవారు. నన్ను కూడా ఎప్పుడూ అలా చూసిన పాపాన పోలేదు.

పరీక్షించుకోమని యజమానురాలు ఒక స్టిక్కర్ ప్రింటరును మా ఇంటికి పంపింది. అంతే, ఇల్లంతా స్టిక్కర్లే. పప్పుల డబ్బాల మీద, స్విచ్చుల కింద, చివరికి మా అత్తయ్య చెప్పుల మీద కూడా సైజు నంబరు. ఫోల్డర్ల మీద గంటలు కూడా పెన్నుతో రాయడం మానేసి అవే అంకెలతో స్టిక్కరు కొట్టి అంటించారు. నేను వాటిని చూసి కూడి, బిల్లు వేసి, షాపుల అకౌంట్స్ ఆఫీసుకు పంపాను. సోమవారం నుంచి అన్ని షాపుల్లో కొత్త స్టిక్కర్లు మొదలుపెడతామని వాళ్లు చెప్పారు. మా బిల్లు కూడా పాసైంది, వారం చివర డబ్బు పడుతుందన్నారు.

గురువారం పొద్దున ఆ ఫోల్డర్లను అటక మీదికి సర్దుతున్నాను. ఒక దాని మీద తేదీ చూసి ఆగాను. అది ఆయన పన్ను పీకించుకున్న రోజు. పొద్దున కాసేపు పనిచేసి, బుగ్గ ఇంత లావున వాచి, మధ్యాహ్నమంతా దుప్పటి ముసుగులో మూలుగుతూ పడుకున్న రోజు. ఫోల్డరు మీద మాత్రం 8 గంటలు.

పని దొంగ అని మా ఆయనను పగవాళ్లు కూడా అనరు. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోల్డరు తీసుకెళ్లి బల్ల మీద పడేసి, ఈ ఎనిమిది గంటలు ఎక్కడ చేశారు, డాక్టరు కుర్చీలోనా అని అడిగాను. ఆయన తల తిప్పి చూసి, ఎనిమిదేంటి, మూడు కదా, కళ్లజోడు పెట్టుకో అన్నారు. కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది. ఆ సంగతి కాస్త గట్టిగానే చెప్పాను.

మా గొడవ విని అత్తయ్య హాల్లోంచి వచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయ్యాక ఆవిడ చూపు నాకన్నా నయం, పేపరు మొత్తం చదువుతుంది. ఫోల్డరు ఆవిడ చేతికిచ్చి ఏముందో చదవమన్నాను. మా ఇద్దరిలో ఎవరు నెగ్గాలని ఆవిడ కోరుకుంటుందో నాకు తెలుసు. అయినా స్టిక్కరును దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "ఎనిమిదేరా" అన్నది కొడుకుతో, పాపం కాస్త బాధగానే.

ఆయన అప్పుడు లేచారు. కంప్యూటర్లో ఆ స్టిక్కరు ఫైలు తీసి చూస్తే, కొట్టింది 3. భూతద్దం తెచ్చి స్టిక్కరు మీద పెట్టి చూశారు. నేనూ చూశాను. ఆ ప్రింటరులో సిరా ఉండదు, కాగితాన్ని వేడి చేస్తే నల్లబడుతుంది. ఆ వేడికి గీతలు కాస్త లావెక్కి, ముద్దుగా లోపలికి మడుచుకున్న 3 చేతుల మధ్య సందులు పూడిపోయాయి. మిగిలింది అచ్చంగా 8. తెర మీద, మంచి కాగితం మీద ఎంతో అందంగా ఉన్న అంకె, సీసా మీద వేసేంత చిన్నగా కొడితే ఇంకో అంకె అయిపోతోంది.

మరి ఇన్నాళ్లూ పరీక్షించారు కదా, కనిపించలేదా అని అడిగాను. ఆయన కుర్చీలో కూలబడి, "ప్రతిసారీ కొట్టింది నేనే. మూడు కొట్టానని నాకు తెలుసు. అందుకే నాకు మూడే కనిపించింది" అన్నారు.

నా గుండెల్లో రాయి పడింది. కానీ ఏ కారణంతో పడిందో దాచను. ముందు నాకు తోచింది సీసాలూ కాదు, రోగులూ కాదు. బోర్డుల పని తోచింది. బిల్లులో ఐదు గంటలు ఎక్కువ వేశాం, సరే, అది దిద్దుదాం, కూడికలో పొరపాటు అని రెండు ముక్కలు రాసి పడేద్దాం అన్నాను. అంకె సంగతి మెల్లగా మార్చి, ఇంకా బాగుచేశానని కొత్త ఫైలు పంపండి, ఎవరికీ తెలియదు, పరువూ పోదు అన్నాను. గోరంతను కొండంత చేయొద్దని కూడా అన్నాను.

ఆయన ఎప్పుడూ నాకు ఎదురు చెప్పరు. ఆ రోజు చెప్పారు. "సోమవారం ఎవరో పసిపిల్ల చెవిలో మూడు చుక్కలు వేయమంటే ఎనిమిది వేస్తారు. మెల్లగా ఎప్పుడు మార్చను?"

కొంతసేపు మొహం మాడ్చుకుని వంటింట్లో గిన్నెలు చప్పుడు చేశాను. అక్కడ కూడా పోపు డబ్బా మీద స్టిక్కరు, వచ్చే నెల ఎన్నో తేదీలోగా వాడాలో. 3 అనుకోవాలా 8 అనుకోవాలా నాకే తెలియలేదు. వెనక్కి వచ్చి, సరే రాయండి అన్నాను.

ఉత్తరం రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఆయన రాసిన మొదటి కాగితం చదివితే ఏదో హత్య చేసి ఒప్పుకుంటున్నట్టుంది. క్షమాపణలు తప్ప లెక్క లేదు. బిల్లు ఉత్తరమంటే ముందు బిల్లు సంగతి ఉండాలని నేను పట్టుబట్టి వరస మార్పించాను. మిగతా ఫోల్డర్లను కూడా కంప్యూటరు ఫైళ్లతో సరిచూశాం, ఇంకెక్కడా తేడా లేదు. పాత బిల్లునే దిద్ది పంపితే ఏది పాతదో ఏది కొత్తదో తేలదు కాబట్టి, సవరించిన బిల్లుకు కొత్త నంబరు వేసి, ఇది ఏ నంబరు బిల్లుకు బదులో, పాత తేదీ ఏదో దాని మీదే రాశాను. చివరికి ఉత్తరం ఇలా తేలింది:

"నమస్కారం. మేము మీకు పంపిన బిల్లులో ఒక పొరపాటు దొరికింది. దాని బదులు సవరించిన బిల్లును ఇందుకు జతచేస్తున్నాను. దయచేసి పాత బిల్లును రద్దు చేసి, దాని మీద చెల్లింపు ఆపగలరు.

మార్పుల పనికి ఇరవై మూడు గంటలు వేశాం. సరైన లెక్క పద్దెనిమిది గంటలు. ఒక రోజు చేసిన మూడు గంటల పనిని ఎనిమిది గంటలుగా చదవడం వల్ల ఐదు గంటలు ఎక్కువ పడ్డాయి. గంటకు ఆరు వందల చొప్పున మూడు వేలు తగ్గుతుంది. డిజైన్‌కు ఒప్పుకున్న నలభై వేలలో మార్పు లేదు. కాబట్టి మీరు చెల్లించాల్సిన మొత్తం యాభై మూడు వేల ఎనిమిది వందలు కాదు, యాభై వేల ఎనిమిది వందలు.

ఆ అంకెను తప్పుగా చదవడానికి కారణం నేను మీకు గీసి ఇచ్చిన అంకెలే. మీ స్టిక్కర్ ప్రింటరులో చిన్నగా కొట్టినప్పుడు 3 అనేది 8 లాగా కనబడుతోంది. మా ఇంట్లో ఇద్దరు అలాగే చదివారు. తప్పు నా డిజైన్‌ది. సోమవారం కొత్త స్టిక్కర్లు మొదలుపెట్టవద్దని కోరుతున్నాను. అంకెలను మళ్లీ గీసి ఇస్తాను, ఆ పనికి డబ్బు తీసుకోను."

బిల్లులు ఎప్పుడూ వెళ్లే చోటికే, అంటే అకౌంట్స్ ఆఫీసుకే, మెయిల్ చేశాం. సాయంత్రానికి జవాబు వచ్చింది. సవరించిన బిల్లు అందింది, పాతది రద్దు చేశాం, కొత్త మొత్తం శనివారం జమ అవుతుంది, నిజాయితీగా తెలియజేసినందుకు ధన్యవాదాలు. మా ఆయన ఊపిరి పీల్చుకుని, చూశావా ఎంత మంచివాళ్లో అన్నారు.

నేను ఆ మెయిల్ రెండుసార్లు చదివాను. మూడు వేలకు ధన్యవాదాలు ఉన్నాయి. స్టిక్కర్ల మాట ఒక్క ముక్క లేదు. ఫోను చేసి అడగమంటే ఆయన, ఉత్తరంలో రాశాం కదా, చదివే ఉంటారు అంటూ నసిగారు. ఫోను లాక్కుని నేనే చేశాను. అకౌంట్స్ అబ్బాయి ఎంతో మర్యాదగా, మొత్తం మారింది కదండీ, అది ఎక్కించేశాం, కింద రాసింది డిజైన్ సంగతి, అది మా సెక్షన్‌కు రాదు అన్నాడు. మరి ఎవరికైనా చెప్పావా నాయనా అంటే, ఎవరికి చెప్పాలో ఉత్తరంలో లేదు కదండీ అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వాడి మీద కాదు. బిల్లు ఉత్తరంలో డబ్బు లెక్క చూశాక చివరి పేరా ఎవరు చదువుతారు? వరస మార్పించిన మహాతల్లిని నేనే.

యజమానురాలికి ఫోను చేస్తే ఎత్తలేదు. శుక్రవారమూ ఎత్తలేదు. ఆవిడ సరుకు కొనడానికి పక్క ఊరు వెళ్లిందని, శనివారం పెద్ద షాపులో ఉంటుందని కౌంటరులో చెప్పారు. శనివారం పొద్దున షాపు తలుపులు తీసేసరికి మేమిద్దరం మెట్ల మీద ఉన్నాం. ఆయన చేతిలో ఉత్తరం, నా చేతిలో ఇంట్లో కొట్టిన స్టిక్కర్లు. ఇంట్లో బయలుదేరేటప్పుడు, లోపలికి వెళ్లి నీళ్లు నమిలారంటే అక్కడే వదిలేసి వస్తానని ఆయనతో చెప్పాను.

షాపులో అప్పటికే జనం ఉన్నారు. యజమానురాలు తెల్ల కోటు వేసుకుని ఎవరికో దగ్గు మందు ఎలా వాడాలో చెబుతోంది. కౌంటరు చివర కొత్త ప్రింటరు పెట్టి ఉంది, పక్కనే స్టిక్కర్ల చుట్ట. మమ్మల్ని చూసి నవ్వి, సోమవారమే ప్రారంభమని మా ఆయనతో ఉత్సాహంగా చెప్పబోయింది. ఆయన ఉత్తరం చాచారు. ఆవిడ పైపైన చూసి, బిల్లు సంగతి అకౌంట్స్ వాళ్లు చెప్పారులెండి, మూడు వేలకు ఇంత దూరం రావాలా అన్నది.

నేను ఒక స్టిక్కరు ఆవిడ ముందు పెట్టాను. "మేడమ్, ఇది చదవండి."

"ఎనిమిది చుక్కలు, రోజుకు రెండుసార్లు" అని చదివింది.

"అది మూడు మేడమ్."

ఆవిడ నవ్వు పోయింది. స్టిక్కరు దీపం కిందికి తీసుకెళ్లి చూసింది. ఇంకేమీ అడగకుండా వెళ్లి, తన ప్రింటరులో తానే కొన్ని కొట్టి, కలిపేసి, కౌంటరులో ఉన్న పెద్దాయనకు ఇచ్చి చదవమన్నది. ఆయన ఏళ్లుగా డాక్టర్ల రాతలు చదువుతున్న మనిషి. మూడు ఉన్న ప్రతిచోటా ఎనిమిది అని చదివి, ఎందుకమ్మా అన్నాడు. ఆవిడ అప్పుడే ఫోను తీసి, ఒక్కో షాపుకూ చేసి, ప్రింటర్లు పక్కన పెట్టండి, నేను చెప్పేదాకా చేత్తోనే రాయండి, అంకె పక్కన మాటల్లో కూడా రాయండి అని చెప్పింది. ఆ తర్వాత ఉత్తరం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా నిలబడే చదివింది.

"ఇది చివర్లో రాస్తారా అండీ?" అన్నది మా ఆయనతో. "డబ్బు సంగతి నెల తర్వాత చెప్పినా కొంప మునిగేది కాదు."

ఆయన తల దించుకున్నారు. వరస నాదేనండీ అని నేను చెప్పాను. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, ఉత్తరం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

అంకెలు మళ్లీ గీయడానికి ఇంకో నెల పట్టింది. 3 చేతులు బాగా విప్పారు, పైన గుండ్రం తీసేసి తిన్నటి అడ్డగీత పెట్టారు. ఇదివరకటి ముద్దు పోయింది. ఆయన బాధపడ్డారు, కానీ చేయి ఆపలేదు. అంకె పక్కనే మాటల్లో కూడా పడేలా స్టిక్కరు మార్చారు. ఈసారి తాను కొట్టింది తాను చదవడం మానేశారు. నేను ఇష్టం వచ్చిన అంకె కొట్టడం, మాటలున్న చోట కాగితం కప్పి తెలియని వాళ్లచేత చదివించడం. గ్యాసు తెచ్చినవాడు, మీటరు చూసేవాడు, మెట్లెక్కి ఎవరొచ్చినా సరే, స్టిక్కరు చదవందే కదలనివ్వలేదు. మా ఇంటికి చుట్టాలు రావడం తగ్గించారు.

ఆ నెల ఫోల్డర్ల మీద గంటలు వేయించలేదు నేను. డబ్బు తీసుకోని పనికి గంటలెందుకు?

కొత్త అంకెలు షాపుల్లోకి వెళ్లాయి. బోర్డుల పని మాత్రం మాకు రాలేదు. పెద్ద కంపెనీకి ఇచ్చాం, మరోలా అనుకోవద్దని యజమానురాలు ఫోనులో చెప్పింది. ఆయన సరేనండీ అని పెట్టేసి బాల్కనీలోకి వెళ్లారు. నేను స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. చెప్పి తప్పు చేశామని కాదు. చెప్పినందుకైనా ఇస్తుందని లోపల ఎక్కడో ఆశ పెట్టుకున్నాను, అది పోయినందుకు. బయటికి వచ్చేసరికి ఆయన టీ పెట్టి ఉంచారు. పంచదార వేయడం మరిచారు, నేను అలాగే తాగేశాను.

తర్వాత కొన్నాళ్లకు అత్తయ్యకు చెవిపోటు వచ్చింది. డాక్టరు చుక్కల మందు రాశాడు. ఆ షాపు నుంచే ఆయన తెచ్చారు. సీసాను ఆవిడ చేతికి ఇవ్వకుండా, హాల్లో ఈ చివర నిలబడి, ఆ చివర మంచం మీదున్న ఆవిడకు చూపించి, ఎన్ని చుక్కలో చదవమ్మా అన్నారు. మాటల్లో ఉన్న చోట బొటనవేలు అడ్డం పెట్టారు.

అత్తయ్య చెవి పట్టుకుని కూర్చుని, విసుగ్గా తల ఎత్తింది.

"మూడు. ఇందులో చదవడానికి ఏముందిరా, కనబడుతూనే ఉందిగా. ముందు వచ్చి చుక్కలు వెయ్యి."

ఆయన వెళ్లి, మంచం పక్కన కూర్చుని, లెక్కపెట్టి వేశారు.